ప్రీప్రింట్‌ను ఎంతవరకు నమ్మాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రీప్రింట్ అంటే ఏమిటి?

పరిశోధకులు తమ పేపర్‌ను జర్నల్ పరిశీలన పూర్తికాకముందే అందరూ చదివేలా ఆన్‌లైన్‌లో పెడితే దాన్ని ప్రీప్రింట్ అంటారు. చాలాసార్లు అదే పేపర్ అప్పటికే ఏదో జర్నల్ చేతిలో ఉంటుంది, లేదా త్వరలో వెళ్తుంది. భౌతికశాస్త్రం, గణితం వాళ్లకి ఇది పాత అలవాటే, ప్రీప్రింట్లు పెట్టే arXiv అనే సైట్ 1991లోనే మొదలైంది. జీవశాస్త్రానికి bioRxiv 2013లో వచ్చింది, వైద్యానికి medRxiv 2019 జూన్‌లో. మూడింటి పేర్లలోనూ చివరి భాగాన్ని పలికేది ఆర్కైవ్ అనే, మధ్యలో ఉన్న X గ్రీకు అక్షరం.

medRxiv మొదలైన ఆరు నెలలకే కోవిడ్ వచ్చింది. అప్పటిదాకా పరిశోధకులు తమలో తాము చదువుకునే పేపర్లు ఒక్కసారిగా వార్తల్లోకి, ఫార్వర్డ్ మెసేజ్‌లలోకి వచ్చిపడ్డాయి. ఈ ప్రశ్నలు ఎక్కువగా అడగడం అప్పటినుంచే మొదలైంది.

సైట్ వాళ్లు చూడకుండానే పెట్టేస్తారా?

చూస్తారు, కానీ వాళ్లు చూసేది వేరు. ఇది అసలు పరిశోధన పేపరేనా, వేరేవాళ్లది కాపీ కొట్టారా, రోగుల వివరాలు బయటపడుతున్నాయా, దీన్ని నమ్మి జనం ప్రమాదకరమైన పని ఏదైనా చేసే అవకాశం ఉందా, ఇలాంటివి. లెక్క సరిగ్గా వేశారా, శాంపిల్ సరిగ్గా తీసుకున్నారా, ముగింపుకి సరిపడా ఆధారం ఉందా అని తేల్చడం ఆ పరిశీలన పని కాదు. కాబట్టి "ఫలానా సైట్‌లో ఉంది" అన్నంత మాత్రాన పేపర్‌కి ఏ బలమూ రాదు. అక్కడ ఉందంటే అది పేపర్ రూపంలో ఉంది, అంతవరకే.

పీర్ రివ్యూలో ఇంతకన్నా ఏం జరుగుతుంది?

జర్నల్ ఎడిటర్ ఆ రంగం తెలిసిన ఇద్దరికో ముగ్గురికో పేపర్ పంపుతారు. వాళ్లు చదివి "ఈ పోలిక చెల్లదు, ఈ పరీక్ష మళ్లీ చేయండి, ఈ వాక్యం మీ డేటా చెప్పేదానికన్నా ఎక్కువ చెబుతోంది" అని రాస్తారు. రచయితలు దిద్ది మళ్లీ పంపుతారు. నెలలు పట్టొచ్చు. అయితే రివ్యూయర్లు ప్రయోగం మళ్లీ చేయరు, చాలా సందర్భాల్లో ముడి డేటా కూడా చూడరు. వాళ్ల ముందున్నదీ మీ ముందున్న పేపరే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే వాళ్లు అడిగే ప్రశ్నల్లో కొన్ని మీరూ అడగొచ్చు.

సరే, రివ్యూ కాని పేపర్‌ని నేనెలా తూచాలి?

రచయితల డిగ్రీలు, యూనివర్సిటీ పేరు, పేపర్ ఎన్ని పేజీలుంది, వీటితో మొదలుపెట్టకండి. నేనైతే చూసేది ఒకటే. పేపర్‌లో ప్రధానమైన అంకె ఏది, అది దేని మీద నిలబడింది, ఆ కిందిది కాస్త కదిలితే పైది కూలుతుందా? ఇది వట్టి మాటల్లో అర్థం కాదు కాబట్టి ఒక నిజమైన ప్రీప్రింట్‌ని తీసుకుని మొదటినుంచి చూద్దాం.

2020 ఏప్రిల్ 17న medRxivలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల పేపర్ ఒకటి వచ్చింది. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో ఎంతమందికి అప్పటికే కోవిడ్ సోకి ఉంటుందో రక్తంలో యాంటీబాడీలు చూసి అంచనా వేసే ప్రయత్నం అది. ఏప్రిల్ మొదటి వారంలో 3,330 మందికి పరీక్ష చేశారు, 50 మందికి పాజిటివ్ వచ్చింది. దాన్నుంచి కౌంటీ మొత్తంలో 48,000 నుంచి 81,000 మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. అప్పటికి అధికారికంగా నమోదైన కేసులు వెయ్యికి కాస్త తక్కువే. అంటే అసలు సంఖ్య నమోదైన దానికి 50 నుంచి 85 రెట్లు అన్నమాట. సోకినవాళ్లు అంతమంది ఉంటే చనిపోయేవాళ్ల శాతం అనుకున్నదానికన్నా చాలా తక్కువ అవుతుంది, అందుకే ఆ పేపర్ మీద ఒక్క రోజులో ప్రపంచమంతా చర్చ మొదలైంది.

ఇక్కడ పై అంకె 50–85 రెట్లు. దాని కింద ఉన్నవి మూడు: పరీక్ష కిట్ ఎంత నమ్మదగినది, పరీక్షకి ఎవరు వచ్చారు, 3,330 మంది నుంచి కౌంటీ మొత్తానికి ఎలా వెళ్లారు.

కిట్ 99.5% కచ్చితం అని ఆ పేపర్‌లోనే రాశారు కదా, ఇంకేం అనుమానం?

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఆ 99.5% ఎక్కడినుంచి వచ్చింది? కోవిడ్ లేదని తెలిసిన 401 రక్త నమూనాల మీద కిట్‌ని ప్రయత్నిస్తే 399 సరిగ్గా నెగెటివ్ వచ్చాయి, రెండు పొరపాటున పాజిటివ్ వచ్చాయి. అంటే వైరస్ సోకనివాళ్లలో కూడా వందకి అర మందికి ఈ కిట్ పాజిటివ్ చూపిస్తుంది. వినడానికి చాలా చిన్న పొరపాటు. కానీ 3,330 మందిలో వందకి అర అంటే దాదాపు 17 మంది. మొత్తం పాజిటివ్‌లే 50. అంటే కిట్ గురించి వాళ్లు చెప్పిన అంకెనే తీసుకున్నా, ఆ 50లో మూడోవంతు తప్పుడు పాజిటివ్‌లు అయ్యే అవకాశం ఉంది.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. 401లో రెండే తప్పులు అన్నది తక్కువ శాంపిల్ మీద వచ్చిన అంకె. ఇంకో 401 నమూనాలు తీసుకుంటే సున్నా రావచ్చు, ఐదు కూడా రావచ్చు. పేపర్‌లోనే ఈ ఊగిసలాట ఇచ్చారు: కిట్ కచ్చితత్వం 98.3% నుంచి 99.9% మధ్య ఎక్కడైనా ఉండొచ్చని. 98.3% అయితే తప్పుడు పాజిటివ్‌లు 1.7%. 3,330లో అది 57. వచ్చిన పాజిటివ్‌లు 50 మాత్రమే! అంటే ఆ రోజుకి వాళ్ల దగ్గరున్న ఆధారంతో, యాభై పాజిటివ్‌లూ కిట్ పొరపాట్లే అన్న మాటని కూడా కొట్టిపారేయలేం.

దీనర్థం ఎవరికీ సోకలేదని కాదు, కౌంటీలో కేసులు ఉన్నాయని అందరికీ తెలుసు. ఎంతమందికి సోకిందో ఈ కొలతతో చెప్పలేం అని అర్థం. ఆ ఊగిసలాట పేపర్ తుది అంచనాలోకి పూర్తిగా రాలేదని గణాంకశాస్త్రం తెలిసినవాళ్లు రోజుల్లోనే పట్టుకున్నారు. వాళ్లు వాడిన అంకెలన్నీ పేపర్‌లోనే ఉన్నాయి, గుణకారం తప్ప పెద్ద లెక్కేమీ లేదు.

అయితే ఏ పరీక్షకైనా ఇదే సమస్యా?

వెతుకుతున్నది అరుదైనదైతేనే. అదే కిట్‌తో, ముగ్గురిలో ఒకరికి సోకిన చోట 3,330 మందికి పరీక్ష చేస్తే వెయ్యి దాకా పాజిటివ్‌లు వస్తాయి, వాటిలో ఓ డజను తప్పుడువి కలిసినా ఫలితం మారదు. కొలిచే విషయం ఒకటి రెండు శాతం దగ్గర ఉండి, కొలిచే పరికరం పొరపాటు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటే అప్పుడు ఆగాలి. వైద్యం ఒక్కటే కాదు, దేన్ని కొలిచినా ఇంతే.

ఇంకో చిన్న లెక్క కూడా ఉపయోగపడుతుంది. "మా పరీక్షలో ఒక్క తప్పు కూడా రాలేదు" అని రాసి ఉంటే, ఎన్నిటిలో అని చూసి మూడుని ఆ సంఖ్యతో భాగించండి. 300 నమూనాల్లో సున్నా తప్పులు అంటే అసలు తప్పుల రేటు సుమారు 1% దాకా ఉండొచ్చు. 30లో సున్నా అంటే 10% దాకా. గణాంకాల్లో బాగా పాతుకుపోయిన పద్ధతి ఇది, నోటితోనే వేసేయొచ్చు.

పరీక్షకి ఎవరొచ్చారన్నది అంత ముఖ్యమా?

చాలా. శాంటా క్లారాలో జనాన్ని ఫేస్‌బుక్ ప్రకటనల ద్వారా పిలిచారు. 2020 ఏప్రిల్ మొదట్లో పరిస్థితి గుర్తు తెచ్చుకోండి, పరీక్ష చేయించుకుందామన్నా దొరకని రోజులు. మార్చిలో జ్వరం, దగ్గు వచ్చి తగ్గిన మనిషికి ఆ ప్రకటన కనిపిస్తే వెంటనే నొక్కుతాడు. ఏమీ రాని మనిషి కారు వేసుకుని వచ్చి క్యూలో నిలబడే అవకాశం తక్కువ. అలా అనుమానం ఉన్నవాళ్లు ఎక్కువగా వస్తే పాజిటివ్ శాతం పెరుగుతుంది. ఎంత పెరిగిందో మాత్రం వచ్చినవాళ్ల డేటాలోంచి కచ్చితంగా తేల్చలేం, ఎందుకంటే రానివాళ్ల గురించి మనకి ఏమీ తెలియదు.

ప్రీప్రింట్ చదివేటప్పుడు పద్ధతుల భాగంలో "ఎలా చేర్చుకున్నాం" అన్న పేరా వెతకండి, మామూలుగా రెండు మూడు వాక్యాలే ఉంటుంది. అక్కడ చీటీ తీసినట్టు ఎంపిక చేశారా, లేక వచ్చినవాళ్లని తీసుకున్నారా అన్నది చూడండి. వచ్చినవాళ్లని తీసుకుంటే, రావడానికి వాళ్లకున్న కారణానికీ పేపర్ కొలుస్తున్నదానికీ సంబంధం ఉందా అని అడగండి.

3,330లో 50 అంటే 1.5%. మరి పేపర్‌లో 2.8% ఎలా వచ్చింది?

మంచి ప్రశ్న. వచ్చినవాళ్లలో కొన్ని ప్రాంతాలవాళ్లు, కొన్ని వర్గాలవాళ్లు కౌంటీలో ఉన్న పాళ్లకన్నా తక్కువగా ఉన్నారు. దాన్ని సరిచేయడానికి నివాస ప్రాంతం, లింగం, జాతి ఆధారంగా ఒక్కొక్కరికీ ఒక బరువు ఇచ్చారు. తక్కువగా వచ్చిన వర్గం నుంచి ఒక్కరు పాజిటివ్ అయినా ఆ ఒక్కరూ చాలామందికి ప్రతినిధిగా లెక్కలోకి వస్తారు. పద్ధతి తప్పు కాదు, సర్వేల్లో రోజూ వాడేదే. కానీ మొత్తం 50 పాజిటివ్‌ల మీద నడిచే లెక్కలో ఎక్కువ బరువున్న నలుగురైదుగురు అటో ఇటో అయితే అంచనా కూడా వాళ్లతోపాటే కదులుతుంది. పైగా ఆ నలుగురైదుగురూ తప్పుడు పాజిటివ్‌లైతే?

అందుకే సరిచేయని అంకె, సరిచేసిన అంకె రెండూ ఇచ్చారా అని చూస్తాను. రెండింటికీ మధ్య దాదాపు రెట్టింపు తేడా ఉందంటే ఫలితంలో సగం డేటా నుంచి, సగం సర్దుబాటు నుంచి వచ్చిందని లెక్క. శాంటా క్లారా పేపర్ రెండూ ఇచ్చింది, ఆ విషయంలో రచయితలు నిజాయితీగానే ఉన్నారు. అంకెలు దాచి ఉంటే ఈ విమర్శ చేయడం ఎవరికీ వీలయ్యేది కాదు.

v1, v2 అని ఉంటాయి, అవేంటి?

ప్రీప్రింట్‌ని రచయితలు దిద్ది మళ్లీ పెట్టొచ్చు, పాతది అక్కడే ఉంటుంది. లింక్ చివర `v1`, `v2` అని కనిపిస్తుంది. నాకైతే ప్రీప్రింట్లలో అన్నిటికన్నా విలువైనది ఇదే. జర్నల్ పేపర్‌లో చివరి రూపం మాత్రమే చూస్తాం, ఇక్కడ ఏది ఎందుకు మారిందో పక్కపక్కన పెట్టుకుని చదవొచ్చు.

శాంటా క్లారా పేపర్ v2 ఏప్రిల్ నెలాఖరుకే వచ్చింది. కిట్ పరీక్షించిన నమూనాల సంఖ్య 401 నుంచి 3,324కి పెరిగింది, వాటిలో 3,308 సరిగ్గా నెగెటివ్. శాతం మళ్లీ 99.5 అనే వచ్చింది, కానీ ఊగిసలాట 99.2–99.7కి కుదించుకుపోయింది. పాత లెక్కే మళ్లీ వేయండి: అతి తక్కువ కచ్చితత్వం 99.2% అయితే తప్పుడు పాజిటివ్‌లు 3,330లో 27 లోపు. ఇప్పుడు 50 అన్నీ పొరపాట్లే అనలేం. ఒక పెద్ద అనుమానం తీరింది.

కానీ తుది అంచనా ఏమైంది? 48,000–81,000 కాస్తా 54,000 అయింది, దాని పరిధి 25,000 నుంచి 91,000. జనాభా బరువులు వేయకుండా అయితే 23,000 అని కూడా అదే పేపర్‌లో రాశారు. అంటే కిట్ గురించి సమాచారం ఎక్కువయ్యాక పరిధి ఇంకా వెడల్పైంది, ఎందుకంటే మొదటిసారి లెక్కలోకి రాని అనిశ్చితి ఇప్పుడు వచ్చింది. మొదటి రోజు వార్త రాసినవాళ్లలో ఎంతమంది ఈ 23,000 అంకె చూసి ఉంటారు? v2కి వార్త ఉండదు, అదే బాధ.

ఆ తర్వాత జర్నల్‌లో వచ్చిందా?

వచ్చింది, 2021లో ఎపిడెమియాలజీ రంగంలో పేరున్న జర్నల్‌లో. అంచనా v2కి దగ్గరగానే ఉంది. నమోదైన కేసులకన్నా అసలు సోకినవాళ్లు చాలా ఎక్కువ అన్న మాట నిలబడింది. ఎన్ని రెట్లు అన్నదే మొదట చెప్పినంత గట్టిగా నిలబడలేదు. ఫేస్‌బుక్ ద్వారా వచ్చినవాళ్లు అన్న సమస్య మాత్రం ఏ రివ్యూతోనూ పోదు, అప్పటికే సేకరించేసిన డేటా కదా.

దీన్నిబట్టి ప్రీప్రింట్‌ని "నిజం", "అబద్ధం" అని రెండు ముక్కల్లో అడగడం ఎందుకు పనికిరాదో కనిపిస్తుంది. ఒకే పేపర్‌లో ఒక వాక్యం గట్టిది, ఇంకో వాక్యం బలహీనమైనది కావచ్చు.

రివ్యూకి ముందే నమ్మదగ్గ ప్రీప్రింట్ ఎలా ఉంటుంది?

అదే ఏడాది జూన్ 22న medRxivలో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది, డెక్సామెథసోన్ అనే మందు గురించి. దానికి ఇవే ప్రశ్నలు వేద్దాం. ఎవరిని చేర్చుకున్నారు? ఆసుపత్రిలో చేరిన 6,425 మంది రోగులు, ఎవరికి మందు ఇవ్వాలి, ఎవరికి మామూలు చికిత్స అన్నది చీటీ తీసినట్టు కంప్యూటర్ నిర్ణయించింది. ఏం కొలిచారు? 28 రోజుల్లో చనిపోయారా లేదా. ఇందులో తప్పుడు పాజిటివ్ అన్న గొడవే లేదు. ఏం కొలవబోతున్నారో ముందే రాసిపెట్టుకున్నారా? రాసుకున్నారు, ప్రోటోకాల్ బయట అందుబాటులో ఉంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మామూలు చికిత్సలో 40.7%, మందు ఇచ్చినవాళ్లలో 29%. నెల తిరక్కుండానే జూలై 17న జర్నల్‌లో వచ్చినప్పుడు ఆ అంకెలు 41.4%, 29.3% అయ్యాయి. అంతే తేడా.

రెండూ ప్రీప్రింట్లే, రెండూ పేరున్న యూనివర్సిటీలవే. ఒకదాని అంకె కదిలింది, ఇంకోదానిది దాదాపు కదల్లేదు. తేడా ఎక్కడుందో మొదటి రోజే పద్ధతుల భాగం చదివితే కనిపించేది.

అయితే పీర్ రివ్యూ అయిన పేపర్‌ని కళ్లు మూసుకుని నమ్మొచ్చా?

లేదు. 2020 మే 22న లాన్సెట్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక పేపర్ వచ్చింది, 671 ఆసుపత్రుల్లోని 96,000 మంది రోగుల డేటా అన్నారు. రివ్యూ అయిన పేపరే. ఆ డేటా ఇచ్చిన సంస్థ దాన్ని స్వతంత్ర తనిఖీకి ఇవ్వడానికి ఒప్పుకోలేదు, రెండు వారాలు తిరక్కుండా జూన్ 4న పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. రివ్యూ ముడి డేటా చూడదని పైన చెప్పింది ఇందుకే.

"విత్‌డ్రా" అని ఉంటే?

రచయితలు ఆ పేపర్‌ని ఇక తమ పనిగా ఆధారం చేసుకోవద్దంటున్నారని అర్థం. పాత రూపం చాలాసార్లు ఇంకా చదవడానికి దొరుకుతుంది, చర్చ జరిగిన చోట ఆనవాలు ఉండాలి కాబట్టి. 2020 జనవరి 31న bioRxivలో కొత్త కరోనా వైరస్ స్పైక్ ప్రోటీన్‌లో హెచ్ఐవీని పోలిన ముక్కలున్నాయని ఒక పేపర్ వచ్చింది. ఆ ముక్కలు మరీ చిన్నవి, అంత చిన్న వరుసలు సంబంధం లేని ఎన్నో జీవుల్లోనూ దొరుకుతాయని మిగతావాళ్లు వెంటనే చూపించారు. రచయితలే రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ మాట ఆధారంగా పుట్టిన మెసేజ్‌లు నెలల తరబడి తిరిగాయి. కాబట్టి ఎవరైనా ప్రీప్రింట్ పీడీఎఫ్ పంపితే ఆ ఫైల్ చదవకండి, సైట్‌లో దాని పేజీ తెరవండి. పీడీఎఫ్‌కి తాను విత్‌డ్రా అయ్యానన్న సంగతి తెలియదు.

విమర్శలు ఎక్కడ చూడాలి, ఏది పట్టించుకోవాలి?

సైట్‌లో పేపర్ కిందే వ్యాఖ్యలు ఉంటాయి, PubPeer అని ప్రత్యేకంగా పేపర్ల మీద చర్చకే ఒక సైట్ ఉంది, గణాంక నిపుణులు తమ బ్లాగుల్లో రాస్తారు. ఫలానా పట్టికలో ఫలానా అంకె, దాన్ని మారిస్తే ఫలితం ఇలా మారుతుంది అని చూపించే విమర్శని తీసుకోండి. రచయితల రాజకీయాల గురించో, ఎవరు డబ్బిచ్చారన్న దాని గురించో మాత్రమే మాట్లాడే విమర్శ మీకు అనుమానం కలిగించొచ్చు కానీ అంకెని కదపలేదు.

ప్రీప్రింట్ గురించి నలుగురికీ చెప్పాలంటే ఎలా రాయాలి?

రివ్యూ కాలేదని మొదటి వాక్యంలోనే రాయండి, చివర్లో కాదు. ఏ వెర్షన్ చదివారో, ఏ తేదీదో రాయండి. అంకె ఇస్తే దాని పరిధి కూడా ఇవ్వండి: "54,000" అని కాకుండా "25,000 నుంచి 91,000 మధ్య" అని. ఆ తర్వాత ఓ నెలకో రెండు నెలలకో అదే పేజీకి మళ్లీ వెళ్లి చూడండి. జర్నల్‌లో వచ్చి ఉంటే medRxiv, bioRxiv పేజీల పైభాగంలో ఆ లింక్ కనబడుతుంది, ఒక్కోసారి కనబడదు, పేపర్ శీర్షిక మారిపోతే సైట్ దాన్ని గుర్తుపట్టలేకపోవచ్చు. అప్పుడు మొదటి రచయిత, చివరి రచయిత పేర్లు కలిపి వెతికితే దొరుకుతుంది. దొరికితే సారాంశాలు రెండూ పక్కపక్కన పెట్టి అంకెలు, క్రియలు పోల్చండి. "తగ్గిస్తుంది" అన్నది "తగ్గడంతో సంబంధం ఉంది" అయి ఉంటే, మీరు మొదట రాసిన పోస్ట్ కింద ఆ మార్పు కూడా రాయండి.